ఊపిరి లెక్కకు వయసు, గోళీ లెక్కకు బరువు

కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లే దారిలో చలికాలం పొద్దున చెరకు బండ్లూ పొగమంచూ కలిసి కదులుతుంటాయి. ఈ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పిల్లల ఓపీ పెరిగేది కూడా అప్పుడే. నేను వెళ్లిన కేంద్రం ఎల్లారెడ్డి వైపు ఉంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచీ తండాల నుంచీ తల్లులు వస్తారు. ఎక్స్‌రే లేని చోట, రక్తపరీక్ష ఫలితం కోసం ఆగే వీలులేని చోట, దగ్గుతో వచ్చిన బిడ్డకు న్యుమోనియా ఉందో లేదో ఎలా తేలుస్తారు? అమాక్సిసిలిన్ ఎవరికి ఇస్తారు, ఎంత ఇస్తారు? దగ్గరుండి చూడాలనే వెళ్లాను.

స్టాఫ్ నర్సు బల్ల మీద బరువు తూచే మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటర్, సెకన్ల ముల్లున్న గడియారం ఉన్నాయి. స్టెతస్కోపు డాక్టరమ్మ దగ్గర ఉంది. నర్సు పని దానితో మొదలు కాదు. బిడ్డ పొట్ట మీద బట్ట పైకి జరిపి, నిమిషం పాటు కదలకుండా చూస్తుంది. ఊపిరి లోపలికి వెళ్లినప్పుడల్లా పొట్ట లేస్తుంది. ఆ లేవడమే లెక్క.

ఊపిరితిత్తిలో చీము, నీరు చేరితే అది బిగుసుకుపోతుంది. ఒక్కో ఊపిరికి అందే గాలి తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి పిల్లలు చిన్న చిన్న ఊపిర్లు వేగంగా తీస్తారు. పాపువా న్యూ గినీలో ఫ్రాంక్ షాన్, ఆయన సహచరులు ఈ సంగతిని చికిత్సకు గుర్తుగా వాడవచ్చని 1984లో చూపారు. నిమిషానికి 50 దాటితే యాంటీబయాటిక్ ఇవ్వవచ్చన్నారు. ఏడాది నిండిన పిల్లలు సహజంగానే కాస్త నెమ్మదిగా ఊపిరి తీస్తారు కాబట్టి వాళ్లకు ఆ గీత మరీ ఎత్తుగా ఉంటుంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 1988లో పిల్లలను పరీక్షించి, ఏడాది లోపు వాళ్లకు 50, ఆ పైవాళ్లకు 40 అన్న గీతలు బాగా పనిచేస్తాయని రాశారు. ఇవాళ ఈ నర్సు గోడ మీదున్న పట్టికలో అవే అంకెలు: రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల లోపు 40. రెండు నెలలు నిండని పసికందుకు 60, కానీ ఆ వయసు బిడ్డను ఇక్కడ ఉంచరు, పెద్దాసుపత్రికి పంపుతారు.

ఆ రోజు ఒక తండా నుంచి వచ్చిన బాబు సంగతి చెప్తాను. మూడు రోజులుగా దగ్గు, రాత్రి నుంచి జ్వరం. వాళ్ల అమ్మ నీరసంగా ఉంది, బాబు ఏడుస్తున్నాడు.

"దమ్ము బాగొస్తుంది మేడం. నిన్నటి సంది పాలు గూడ సరిగ తాగుతలేడు."

"అస్సలు తాగుతలేడా, కొంచెం తాగుతుండా?"

"కొంచెం తాగుతుండు."

ఈ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. బిడ్డ అసలేమీ తాగలేకపోతే, తాగిందంతా కక్కేస్తే, ఫిట్స్ వస్తే, లేపినా లేవకుండా మగతగా ఉంటే అది ఇక్కడ గోళీలతో తీరే జబ్బు కాదు. అలాంటి బిడ్డకు మొదటి డోసు వేసి, 108లో పంపేయాలి. ఈ బాబుకు ఆ గుర్తులేవీ లేవు. ఆక్సీమీటర్ 96 చూపింది. 90 కంటే తగ్గితే అదీ పంపించే కేసే.

నర్సు ఒకసారి లెక్క పెట్టింది. 58. అంతటితో ఆమె ఆగలేదు. ఏడ్చే బిడ్డ ఊపిరి లెక్క నమ్మదగింది కాదు, జ్వరం కూడా దాన్ని కొంత పెంచుతుంది. తల్లిని పక్కన కూర్చోబెట్టి పాలివ్వమంది. బాబు తాగి, రొమ్ము వదిలి, సగం నిద్రలోకి జారాక మళ్లీ నిమిషం నిండా చూసింది. 46.

నిమిషం నిండా ఎందుకు చూడాలి, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చిస్తే పోదా అని అడిగాను. ఆమె వెంటనే లెక్క వేసి చూపింది. పావు నిమిషంలో ఒక్క ఊపిరి అటూ ఇటూ అయితే ఫలితం నాలుగు మారుతుంది. 42 ఉన్న బిడ్డ 38 అయిపోతాడు, మందు అందకుండా ఇంటికి పోతాడు. పైగా చిన్నపిల్లల ఊపిరి సమంగా నడవదు. కాసేపు గబగబా తీసి, కాసేపు ఆగినట్టు ఉంటుంది. చిన్న ముక్కను కొలిచి మొత్తాన్ని అంచనా కట్టలేం.

ఇప్పుడు 46 అంటే ఎక్కువా, కాదా? బాబు వయసు తెలియకుండా ఇది తేలదు. తల్లి "ఏడాది అయితుంది" అంది. పదకొండు నెలలైతే గీత 50, కాబట్టి 46 మామూలే. దగ్గు, జలుబుగా లెక్కించి యాంటీబయాటిక్ లేకుండా పంపాలి. పన్నెండు నిండితే గీత 40, కాబట్టి ఇది న్యుమోనియా. ఒక్క నెల తేడా మీద మందు ఇవ్వాలా వద్దా అన్నది ఆధారపడింది. నర్సు తల్లీబిడ్డల కార్డు తెమ్మంది. పుట్టిన తేదీ చూస్తే పద్నాలుగు నెలలు నిండాయి. ఇంత సాదాసీదా కార్డు లేకపోతే ఇంత నిర్ణయం తలకిందులయ్యేది. కార్డు లేకుండా వచ్చే వాళ్లను అంగన్‌వాడీ రిజిస్టరులో వెతికించడం ఈ కేంద్రంలో అలవాటుగా పెట్టుకున్నారు.

డాక్టరమ్మ వచ్చి చొక్కా పైకెత్తి చూశారు. డొక్కలు ఎగరేయడం లేదు. స్టెతస్కోపు పెట్టి పిల్లికూతలు లేవని చెప్పారు. ఇది ముఖ్యమైన అడుగు. ఆ పొద్దునే మూడేళ్ల పాప ఒకతె 48తో వచ్చింది. వయసు గీత ప్రకారం అది న్యుమోనియానే. కానీ ఛాతీలో పిల్లికూతలున్నాయి. స్పేసర్‌తో సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట ఆగి, మళ్లీ పీల్పించి లెక్క పెడితే 34కు దిగింది. ఆ పాపకు ఊపిరి గొట్టాలు బిగుసుకుపోవడమే జబ్బు, అమాక్సిసిలిన్ దానికి ఏమీ చేయదు. ఇన్‌హేలర్‌తో ఇంటికి పంపారు. ఊపిరి లెక్క ఒక్కదాన్నే నమ్మితే తప్పు జరిగే చోట్లలో ఇదొకటి.

బాబుకు మందు ఖాయమైంది. ఇక ఎంత ఇవ్వాలన్న ప్రశ్న. ఇక్కడ వాడేది నీళ్లలో కరిగే 250 మిల్లీగ్రాముల బిళ్ల. లక్ష్యం కిలోకు సుమారు 40 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. రోజుకు మూడుసార్లు వేసే పాత పద్ధతిలో పగటి డోసు ఎక్కువగా తప్పిపోయేది. తల్లి పొలంలోనో బీడీల దగ్గరో ఉంటుంది కదా. పొద్దునా రాత్రీ అయితే ఇంట్లోనే ఉంటారు. ఒక్కో డోసు పెద్దదిగా ఇస్తే రెండుసార్లు సరిపోతుంది.

బాబు బరువు 8.8 కిలోలు. పాత పట్టికలో రెండు నెలల నుంచి ఏడాది లోపు, నాలుగు నుంచి పది కిలోల వాళ్లకు ఒక బిళ్ల. ఏడాది నుంచి మూడేళ్లు, పది నుంచి పద్నాలుగు కిలోల వాళ్లకు రెండు. వయసు చూస్తే రెండు బిళ్లల గడి, బరువు చూస్తే ఒక బిళ్ల గడి. ఒంట్లో కండ పట్టని పిల్లలున్న తండాల్లో ఈ తికమక రోజూ ఎదురవుతుంది. డాక్టరమ్మ కాగితం మీద భాగించి చూపారు. ఒక బిళ్ల ఇస్తే కిలోకు 28 మిల్లీగ్రాములే, లక్ష్యానికి చాలా తక్కువ. రెండిస్తే 57. ఒకటిన్నర ఇస్తే 375, అంటే కిలోకు 42 పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ పుస్తకంలో ఆరు నుంచి పది కిలోల వాళ్లకు సూచించింది కూడా ఈ 375నే. "వయసు ఊపిరి లెక్కకు, బరువు మందు లెక్కకు. రెండూ కలిపేస్తే పిల్లవాడికి తప్పు డోసు పోతుంది" అన్నారు.

డోసు తగ్గితే ఏమవుతుందో నేనడిగాను. న్యుమోకోకస్ మందుకు కొంత తట్టుకునే రకమైతే చిన్న డోసుతో పూర్తిగా చావదు. జ్వరం తగ్గినట్టు కనిపించి మళ్లీ వస్తుంది. ఈ ఊళ్లలో మందుల షాపు నుంచి సిరప్ తెచ్చి, ఇంట్లో టీ చెంచాతో పోసే వాళ్లు చాలామంది. ఒక్కో ఇంటి చెంచా ఒక్కో కొలత. సీసా మీద 125 ఉందో 250 ఉందో ఎవరూ చూడరు. బిళ్ల అయితే ఆ తేడాకు చోటుండదు.

మొదటి డోసు నర్సు కళ్లెదుటే వేయించింది. ఇంతకుముందు ఈ మందుకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా అని అడిగి, రాలేదన్నాకే. గీత ఉన్న బిళ్లను విరిచి, శుభ్రమైన గ్లాసులో రెండు చెంచాల నీళ్లలో కరిగించి, చిన్న చెంచాతో తాగించింది. అరగంటలోపు కక్కితే మళ్లీ వేయాలని చెప్పింది. ఐదు రోజులకు పదిహేను బిళ్లలు లెక్కపెట్టి కవరులో పెట్టి, పొద్దున సూర్యుడి బొమ్మ, రాత్రి చంద్రుడి బొమ్మ గీసింది.

భారతదేశంలో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2004లో మూడు రోజుల మందు ఐదు రోజుల దానికి తీసిపోదని చెప్పింది. అయినా ఇక్కడ ఐదు రోజులే ఇస్తారు. నన్ను దానికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది మరో ప్రశ్న. వేగంగా ఊపిరి తీసే పిల్లల్లో చాలామందికి కారణం వైరస్సే కదా, మందు ఇవ్వకపోతేనేం? మలావీలోనూ కరాచీలోనూ ఈ ప్రశ్నను నేరుగా పరీక్షించారు. కరాచీలో మందు లేని పిల్లల్లో వందకు ఐదుగురికి చికిత్స విఫలమైంది, మందున్న వాళ్లలో ముగ్గురి కన్నా తక్కువ మందికి. చాలామంది మందు లేకుండానే కోలుకుంటారు, కానీ కోలుకోని ఆ కొద్దిమంది ఎవరో ముందుగా తెలియదు. ఈ కేంద్రంలో డాక్టరమ్మ వైఖరి నాకు సరైందనిపించింది: గీత దాటితే ఇవ్వాలి, దాటకపోతే తల్లి ఎంత అడిగినా ఇవ్వకూడదు. ఆ రోజు దగ్గుతో వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది మందు లేకుండానే వెళ్లారు.

తల్లికి నర్సు చెప్పిన మాటలు నాకు గుర్తున్నాయి.

"మూడో రోజు పక్కా తీస్కరావాలె. ఈలోపు తాగకపోతే, డొక్కలెగరేస్తే, పండుకున్నోడు లేవకపోతే రాత్రనక ఆశమ్మకు ఫోన్ చెయ్యి."

"జరం తగ్గినంక గోళీలు ఆపొచ్చా మేడం?"

"ఆపొద్దు. కవర్ల ఉన్నయన్నీ అయిపోవాలె. మిగిలితే ఇంట్ల ఇంకో పిల్లకు వేస్తవు, దాని బరువు వేరే."

మూడో రోజు నర్సు ఫోన్ చేసి చెప్పింది. బాబు పాలు బాగా తాగుతున్నాడు, నిద్రలో పెట్టిన లెక్క 34. వేగం తగ్గకపోతేనో, పెరిగితేనో ఎల్లారెడ్డి ఆసుపత్రికో కామారెడ్డికో పంపించేవాళ్లు. కవరులో తొమ్మిది బిళ్లలే ఉండాలి, కానీ తల్లి తెచ్చిన కవరులో పదున్నర ఉన్నాయట. ఒక పొద్దున ఆమె కూలికి పోతే నాయనమ్మ మందు వేయడం మరిచింది. నర్సు మందు వేళలు నాయనమ్మకే మళ్లీ చూపించి, మిగిలిన బిళ్లలకు కొత్త బొమ్మలు గీసి పంపింది.