గణాంకవేత్తకు ఒక ఉత్తరం

"అయ్యా, నా దగ్గర 300 మంది పిల్లల వివరాలున్నాయి. ఏ టెస్టు వాడమంటారు?" పరిశోధనకు కొత్తగా వచ్చినవాళ్లు గణాంకవేత్తకు రాసే ఉత్తరం చాలాసార్లు ఇంతే ఉంటుంది. దీనికి ఏ పెద్దాయనైనా ఏం జవాబిస్తాడు?

కురిచేడు నుంచి అలాంటి ఉత్తరం వెళ్తే ఎలా ఉండాలా అని ఆలోచిస్తుంటాను. ఇక్కడ విషయం కోసం వెతకక్కర్లేదు, బోరు నీళ్లున్నాయి. ఫ్లోరైడ్ జబ్బును మన దేశంలో 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగరాదని ప్రమాణం. నీళ్లలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ బడిపిల్లల పళ్ల మీద గార ఎంత పెరుగుతోంది? ప్రశ్న ఇలా ఒక్క వాక్యంలో ఉత్తరం మొదట్లోనే రావాలి.

ఆ తర్వాత పిల్లలను ఎలా ఎంచుకున్నారో చెప్పాలి. 12 ఊళ్లు, ఊరికి 25 మంది అనుకుందాం. ఒక ఊరి పిల్లలు దాదాపు అవే నీళ్లు తాగుతారు కాబట్టి వాళ్ల పళ్లూ కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలికను 0.1గా తీసుకుంటే 1 + (25 − 1) × 0.1, అంటే 3.4 వస్తుంది. 300ను దానితో భాగిస్తే మిగిలేది 88 మంది ఇచ్చేంత సమాచారమే. అవే ఊళ్లలో పిల్లలను రెట్టింపు చేసి 600 మందిని చూసినా అది 102 దగ్గరే ఆగుతుంది. పిల్లలను ఊరికి 25 మందిగానే ఉంచి ఊళ్లను 24 చేస్తే మాత్రం 176కు చేరుతుంది. కాబట్టి అదే బడిలో ఇంకో తరగతిని చూడటం కన్నా దొనకొండ వైపో దర్శి వైపో ఇంకో ఊరు వెళ్లడం మేలు. ఊరి పేరు రాయని ఉత్తరంలో ఈ లెక్క వేయడానికే వీలుండదు.

ఇంతకన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కాలం. శాశ్వతంగా ఉండే ముందరి పళ్ల పింగాణీ పుట్టిన మొదటి నాలుగైదేళ్లలోనే తయారవుతుంది. పన్నెండేళ్ల పిల్ల పళ్లు చెప్పేది ఆమె పసితనంలో తాగిన నీళ్ల సంగతి. అప్పుడు బోరు నీళ్లు తాగి, ఇప్పుడు ప్లాంటు డబ్బా నీళ్లో సాగర్ నీళ్లో తాగుతుండవచ్చు. ఈ రోజు సీసాలో పట్టిన నీళ్లను ఆ పళ్లతో జతచేస్తే, మంచి నీళ్లున్న ఊళ్లోనే గార ఎక్కువగా కనబడినా ఆశ్చర్యం లేదు. ఆ పొరపాటును ఏ టెస్టూ సరిదిద్దలేదు. "ఐదేళ్లలోపు ఏ నీళ్లు తాగింది? ఆ ఊళ్లోనే పెరిగిందా?" అని తల్లిని అడిగి రాసుకున్న గడి ఉండాలి. తల్లికి గుర్తులేకపోతే ఖాళీ వదలాలి గానీ సున్నా వేయకూడదు.

పళ్లు చూసినవాళ్లకు ఆ ఊరి నీళ్ల ఫలితం ముందే తెలుసా అన్నదీ రాయాలి. ఫ్లోరైడ్ ఎక్కువని తెలిసిన కన్ను ఎక్కువ గార చూస్తుంది.

ఇవన్నీ రాయబోతేనే ఏది అడగలేదో బయటపడుతుంది. అందుకే పరిశోధక మిత్రులారా, మొదటి పిల్ల నోరు తెరవమని అడగకముందే ఆ ఉత్తరం రాయండి.