సైట్ కట్టాక రాసిన రెండు పేజీలు

యూసుఫ్‌గూడ మెట్రో దిగి కృష్ణానగర్ సందుల్లోకి నడిస్తే, సినిమా షూటింగులకి డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులు కనిపిస్తాయి. పోలీసు యూనిఫామ్‌లు, లాయర్ కోట్లు, పెళ్లికొడుకు షేర్వాణీలు, యముడి కిరీటాలు అన్నీ ఒకే తాడుకి వేలాడుతుంటాయి. అలాంటి ఒక షాపుకి నేను ఈ మధ్య వెబ్‌సైట్ కట్టాను. ఆరొందల డ్రెస్సుల ఫొటోలు, తేదీ చూసి బుక్ చేసుకునే ఫారం, ఆన్‌లైన్‌లో అడ్వాన్స్. వర్డ్‌ప్రెస్ మీదే. సైట్ కట్టడం గురించి మన క్లబ్బులో చాలామంది రాశారు కాబట్టి అది వదిలేస్తా. లాంచ్ అయిన వారానికి ఓనరుకి పంపిన రెండు పేజీల మెయింటెనెన్స్ ప్రపోజల్ గురించి చెప్తాను. ఫ్రీలాన్సింగ్ చేసేవాళ్ళకి పనికొస్తుంది.

ఆయన్ని నేను బాబాయ్ అంటాను. ప్రపోజల్ మాట ఎత్తగానే ఆయన అడిగింది ఒకటే. "కట్టేశావు కదా అబ్బాయ్, మళ్ళీ నెలనెలా డబ్బులెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. 'సెక్యూరిటీ కోసం' అని పెద్ద మాట చెప్తే ఆయన తలూపుతాడు కానీ డబ్బులివ్వడు. అందుకే ప్రపోజల్ రాసేముందు రెండు సాయంత్రాలు షాపులో ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. పొద్దున ఐదింటికల్లా డ్రెస్సులు షాపు దాటిపోతాయి. పగలంతా ఖాళీ. ప్యాకప్ అయ్యాక, సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా ప్రొడక్షన్ వాళ్ళు, షార్ట్ ఫిలిం కుర్రాళ్ళు మర్నాటికి బుక్ చేస్తారు. రోజుకి పది బుకింగులొస్తే అందులో ఎనిమిది ఆ మూడున్నర గంటల్లోనే.

ఇప్పుడు మామూలుగా చాలామంది పెట్టే బ్యాకప్ టైము చూడండి. రోజుకొకసారి, రాత్రి రెండింటికి. ఈ షాపులో రాత్రి పదిన్నరకి డేటాబేస్ పాడైతే మన దగ్గరుండే కాపీ నిన్న రాత్రి రెండింటిది. అంటే ఆ సాయంత్రం బుకింగులన్నీ పోయినట్టే. పొద్దున ఐదింటికి ఎవరికి ఏ డ్రెస్సివ్వాలో ఎవరికీ తెలీదు. నిన్న ఒకడు వేసుకున్న చొక్కానే ఈరోజూ అదే సీనుకి కావాలి, కంటిన్యుటీ. అది ఇంకొకరి చేతికి వెళ్ళిందంటే షూటింగ్ ఆగుతుంది. కాబట్టి ప్రపోజల్లో నేను 'డైలీ బ్యాకప్' అని రాయలేదు. "సాయంత్రం పూట సైట్ పాడైతే, చివరి గంటలో వచ్చిన బుకింగులకంటే ఎక్కువ పోవు" అని రాశాను. బాబాయ్‌కి ఆ వాక్యం వెంటనే అర్థమైంది.

దాన్ని నిలబెట్టే లైను ఇది:

```
0 5,13-17 * * * cd /home/shop/public_html && wp db export /home/shop/backup/$(date +\%F-\%H).sql
```

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఆ 5, 13, 17 మన టైము కాదు. ఈ సర్వర్ గడియారం యూటీసీలో ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. అంటే పొద్దున పదిన్నరకి ఒకటి, సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా గంటకొకటి. రెండోది, బ్యాకప్ ప్లగిన్ పెట్టకుండా సర్వర్ క్రాన్ వాడటానికి కారణముంది. వర్డ్‌ప్రెస్‌కి సొంత గడియారం లేదు. ఎవరో ఒకరు సైట్ తెరిచినప్పుడే 'ఇప్పుడు చేయాల్సిన పనులేమైనా ఉన్నాయా' అని చూసుకుంటుంది. జనం రాని చిన్న సైట్‌లో పదిన్నర బ్యాకప్ ఏ పన్నెండింటికో జరగొచ్చు. ఇంకోటి, కాపీలు పడే ఫోల్డర్ public_html బయట ఉంది చూశారా, అది కావాలనే. లోపల పెడితే కస్టమర్ల ఫోన్ నంబర్లున్న ఫైలుని లింకు ఊహించగలిగిన ఎవరైనా దించుకుపోవచ్చు.

డేటాబేస్ నలభై ఎంబీనే కాబట్టి గంటకొకటి తీసినా సర్వర్‌కి బరువు కాదు. ఫొటోలు మాత్రం రెండున్నర జీబీ, అవి పెద్దగా మారవు. వారానికొకసారి చాలు. సర్వర్‌లో మూడు రోజుల కాపీలు, రాత్రి పదిన్నర కాపీ మాత్రం బాబాయ్ పేరున్న గూగుల్ డ్రైవ్‌లో ముప్పై రోజులు. బయట కాపీ ఎందుకంటే, హోస్టింగ్ రెన్యువల్ మర్చిపోయి అకౌంట్ ఆగిపోతే సైటూ, పక్కనున్న బ్యాకప్పూ కలిసే పోతాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు, సర్వర్ ఉన్నచోటే బ్యాకప్ కూడా పెట్టుకున్నవాళ్ళలో కొందరికి రెండూ దక్కలేదు. గంట మధ్యలో వచ్చిన బుకింగుల కోసం ప్రతి బుకింగ్‌కి షాపు జీమెయిల్‌కి ఒక కాపీ వెళ్ళేలా పెట్టాను. అవసరమైతే అందులోంచి చేత్తో ఎక్కించుకోవచ్చు.

ఇంత చేసినా అది బ్యాకప్ అని నమ్మడానికి లేదు, తిరిగి ఎక్కించి చూసేదాకా. దీనికి అందరికీ తెలిసిన కేసు గిట్‌ల్యాబ్‌ది. 2017 జనవరి 31న వాళ్ళ ఇంజనీరొకరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ డైరెక్టరీ తీసేశాడు. బ్యాకప్ కోసం వెతికితే అది ఉండాల్సిన చోట ఖాళీ. డేటాబేస్ వెర్షన్ ఒకటి, బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ ఇంకొకటి కావడంతో రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్ళు వెళ్తున్నాయి, కానీ అవి సరిగ్గా సంతకం కాని మెయిళ్ళని అవతలి సర్వర్ తిప్పికొడుతోంది. అదృష్టం బాగుండి ఆరు గంటల ముందు ఒకాయన వేరే పనికోసం చేత్తో తీసిన కాపీ ఉంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. అంత పెద్ద కంపెనీ!

మనలాంటోళ్ళకి ఇదే గుర్తు ఇంకో రూపంలో కనిపిస్తుంది. బ్యాకప్‌ని gzip లోకి పంపేలా స్క్రిప్ట్ రాస్తే, డేటాబేస్ పాస్‌వర్డ్ మారిన రోజు నుంచి కూడా రోజూ ఒక ఫైలు పడుతూనే ఉంటుంది. సైజు చూస్తే 20 బైట్లు. ఏమీ లేనిదాన్ని కుదిస్తే అంతే వస్తుంది. అందుకే ప్రపోజల్లో నెలనెలా రాసుకునే పని ఒకటుంది. మొదటి ఆదివారం నిన్నటి కాపీని నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, చివరి బుకింగ్ నంబర్ షాపు మెయిల్లో ఉన్నదానితో కలుస్తుందో లేదో చూసి, ఆ నంబర్ వాట్సాప్‌లో బాబాయ్‌కి పంపడం. ఎక్కించేముందు మెయిళ్ళు, పేమెంట్లు ఆపేయాలి. లేకపోతే టెస్ట్ సైట్ లేచి, నిజం కస్టమర్లకి 'రేపు మీ డ్రెస్ తీసుకోండి' అని రిమైండర్లు పంపుతుంది.

అప్‌డేట్ల గురించి రెండు మాటలు చాలు. చిన్న సెక్యూరిటీ వెర్షన్లు వర్డ్‌ప్రెస్ 2013 నుంచి తనే వేసుకుంటుంది, వేసుకోనివ్వాలి. పెద్ద వెర్షన్లకీ, బుకింగ్ ప్లగిన్‌కీ మాత్రం వారం ఆగుతాను. ముందు కాపీ సైట్‌లో వేసి, ఒక దొంగ బుకింగ్ చేసి, అది రద్దు చేసి చూశాకే అసలుదాంట్లో. అది కూడా పొద్దున పదకొండుకి, బ్యాకప్ పడిన అరగంటకి, షాపులో ఈగలు తోలుకునే టైములో. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 4.9.3 వెర్షన్ ఆటోమేటిక్ అప్‌డేట్లనే పాడుచేసింది. మర్నాడే 4.9.4 వచ్చింది, కానీ దాన్ని ఎవరికి వాళ్ళు నొక్కి వేసుకోవాల్సి వచ్చింది. తనే వేసుకుంటుందిలే అని వదిలేసిన సైట్లు అక్కడే ఆగిపోతాయి కాబట్టి, నెలకోసారి వెర్షన్ నంబర్ కళ్ళతో చూడటం కూడా పనిలో భాగమే.

అసలు బేరం నడిచింది రెస్పాన్స్ టైం దగ్గర. ఇంటర్నెట్లో దొరికే టెంప్లేట్లలో '99.9 శాతం అప్‌టైం, 24 గంటల సపోర్ట్' అని ఉంటుంది. 99.9 అంటే ముప్పై రోజుల నెలలో 43 నిమిషాలే ఆగొచ్చు. సర్వర్ నాది కాదు, వాళ్ళు ఒక రాత్రి రిపేర్ పెట్టుకుంటేనే ఆ 43 అయిపోతాయి. అందుకే ఆ మాట రాయలేదు. పలకడం వేరు, బాగుచేయడం వేరు అని విడగొట్టాను. బుకింగ్ ఆగిపోతే, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పదకొండు మధ్య గంటలోపు ఫోన్ ఎత్తి పని మొదలుపెడతాను. తప్పు మన సైట్‌ది అయితే నాలుగు గంటల్లో చివరి బ్యాకప్‌కైనా తెస్తాను. ఎక్కించి చూసినప్పుడు నలభై నిమిషాలు పట్టింది, అందుకే నాలుగు గంటలనగలిగాను. తప్పు హోస్టింగ్‌ది అయితే కంప్లైంట్ పెట్టి గంటగంటకీ చెప్తాను, అంతే. ఫొటో మారలేదు, అక్షరం తప్పు పడింది లాంటివి రెండు రోజులు.

బాబాయ్ చదివి, "నీకు పరీక్షలుంటే?" అన్నాడు.

దానికీ ఒక లైను ఉంది. సెమిస్టర్ పరీక్షల రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంటన్నర దాకా ఫోన్ నా రూమ్మేట్ దగ్గర ఉంటుంది. వాడు సైట్ బాగుచేయడు. 'బుకింగ్‌కి ఫోన్ చేయండి' అని షాపు నంబరున్న ఒక్క పేజీని ముందుకి తెస్తాడు, షాపులో పాత నోటు పుస్తకం తీస్తారు. ఆ పేజీ ముందే తయారుచేసి పెట్టాను.

"సరే, నీకు ఉద్యోగమొచ్చి బెంగుళూరు పోతే?"

ఇది అడుగుతాడని తెలుసు. ఇంతకుముందు ఒకరు కట్టిన సైట్ ఆయనకి అలాగే పోయింది. డొమైన్ ఆ కుర్రాడి పేరు మీదే ఉండిపోయి, రెన్యువల్ రోజున ఫోన్ కలవలేదు. అందుకే రెండో పేజీ చివర నేను మానేసే పద్ధతి రాశాను. డొమైన్, హోస్టింగ్, డ్రైవ్ మూడూ ఆయన మెయిల్ మీద. నెల ముందు చెప్పి, ఆఖరి బ్యాకప్, పదకొండు స్టెప్పుల రీస్టోర్ కాగితం ఇచ్చి వెళ్తాను. డిగ్రీ చదువుతున్న వాళ్ళమ్మాయి నా పక్కన కూర్చుని, నన్నొక్క మాట అడక్కుండా, ఆ కాగితం చూసే ఒక టెస్ట్ సైట్ లేపింది. గంటా పది నిమిషాలు పట్టింది. బాబాయ్ ఆ ఫోన్ నాలుగుసార్లు తిప్పి, యముడి కిరీటం ఫొటో వచ్చిందో లేదో చూసుకున్నాడు.

నెలకి పదిహేనొందలు, మూడు గంటల పని అని రాశాను. కొత్త డ్రెస్సుల ఫొటోలు ఎక్కించడం అందులో లేదని లావు అక్షరాల్లో పెట్టాను, గొడవలు వచ్చేది అక్కడే. ఆయన పన్నెండొందలకి దించి, ఫొటోలు వాళ్ళమ్మాయే ఎక్కిస్తుందన్నాడు. రాత్రి పదకొండుని పదిన్నరకి దించుతానన్నాను. ఆ అరగంట మీద మాత్రం ఆయన ఒప్పుకోలేదు.