ఫిబ్రవరి 29న పుట్టినోళ్ల తేదీ కాగితాల్లో ఎట్టా మారుతుందంటే



మన మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో పాతతరం వాళ్లకు పుట్టిన తేదీ అంటే బడిలో అయ్యవారు రాసిందే. ఇంట్లోవాళ్లు తిథో, పండగో, ఆ ఏడు పడిన వానో గుర్తు చెప్తే ఆయన దాన్ని ఇంగ్లీషు తేదీ చేసి రాసేవాడు. ఆ తేదీ ఫిబ్రవరి 29 అయితే మాత్రం తర్వాత ప్రతి ఆఫీసులోనూ చిక్కే.

ముందు ఆ రోజు ఎందుకొచ్చిందో చూద్దాం. ఏడాది అంటే 365 రోజులు, పైన ఇంచుమించు ఆరు గంటలు. నాలుగేళ్లకు ఆ గంటలు కలిసి ఒక రోజవుతుంది. కానీ ఆరు గంటలకు ఓ పదకొండు నిమిషాలు తక్కువ కాబట్టి, ఆ తేడా సర్దడానికి 1700, 1800, 1900 లాంటి నూరేళ్ల సంవత్సరాల్లో ఆ రోజు తీసేశారు. 400తో భాగం పోయే 2000లో ఉంచారు.

మన ప్రధానిగా చేసిన మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టాడు. నాలుగేళ్లకోసారి అని గుడ్డిగా లెక్కేస్తే ఆయన మొదటి పుట్టినరోజు 1900లో రావాలి. ఆ ఏడు ఫిబ్రవరికి 28 రోజులే. అందుకని ఎనిమిదేళ్లు ఆగి 1904లో వచ్చింది. 1995 ఏప్రిల్ 10న పోయేనాటికి ఆయన వయసు 99 ఏళ్లు, చూసిన అసలు పుట్టినరోజులు మాత్రం 23. ఎవరైనా 24 అని రాస్తే 1900ని కూడా కలిపారని అర్థం.

మరి 29 లేని ఏడాదిలో ఆ మనిషికి ఏడు నిండేది ఎప్పుడు? 28వ తేదీనా, మార్చి 1నా? దీనికి మన దేశంలో 1875 నాటి మైనారిటీ తీరే చట్టంలోనే ఒక ఉదాహరణ రాశారు. 1852 ఫిబ్రవరి 29న పుట్టి, కోర్టు పెట్టిన సంరక్షకుడి కింద ఉన్నవాడికి అప్పటి లెక్కన 21 ఏళ్లు నిండాలి. 1873లో 29 లేదు. కాబట్టి ఫిబ్రవరి 28 మొదలవగానే మేజరు అవుతాడని ఆ ఉదాహరణ చెప్తుంది. ఇక్కడ జరిగింది ఏడు నిండే రోజు మాత్రమే. పుట్టిన తేదీ 29గానే ఉంది, దాన్ని ఎవరూ దిద్దలేదు.

ఒకే మనిషికి రెండు తేదీలు కనిపించి, రెండూ నిజమే అయిన సంగతి ఇంకోటుంది. గ్రీకు కవి సెఫెరిస్, 1963లో నోబెల్ వచ్చినాయన. ఆయన పుట్టింది 1900 ఫిబ్రవరి 29న అని ఒకచోట, మార్చి 13న అని ఇంకోచోట ఉంటుంది. 1900లో 29 లేదన్నాం కదా, మరి ఎట్టా? అప్పటికి గ్రీకులు పాత కాలెండరే వాడుతున్నారు. అందులో నూరేళ్లకు రోజు తీసే పద్ధతి లేదు, కాబట్టి వాళ్లకు ఆ 29 ఉంది. అదే రోజు కొత్త కాలెండర్లో మార్చి 13. ఏ కాలెండరో రాయకుండా తేదీ ఒక్కటే రాస్తే, చూసినోడు తప్పనుకుంటాడు.

మన పంచాంగంలో ఈ గొడవ వేరే తీరుగా ఉంటుంది. తిథి ప్రకారం చేసుకునేవాళ్లకు ఫిబ్రవరి 29తో పనే లేదు, ఏటా ఆ తిథి వస్తుంది. కానీ 2023లో వచ్చిన అధిక శ్రావణం లాంటి నెలలో పుట్టిన బిడ్డకు ఆ అధిక నెల ఏటా రాదు. మామూలు ఏడాదిలో ఆ నెల నిజ మాసంలోనే పుట్టినరోజు చేస్తారు. అక్కడా అంతే, జరుపుకునే రోజు మారుతుంది, జాతకంలో రాసింది మారదు.

ఇప్పుడు మన పనికొచ్చే మాట. ఎవరి కాగితంలోనైనా 29-02-1967 అని ఉంటే కంప్యూటర్ తీసుకోదు. అప్పుడు కూర్చున్నాయన 28 అనో, మార్చి 1 అనో కొట్టేస్తాడు. ఆగమనండి. 1967ని నాలుగుతో భాగిస్తే మిగులుతుంది, ఆ ఏడు 29 లేదు. ఇట్టాంటి చోట రోజు సరే, ఏడాదే తప్పయి ఉండొచ్చు. 1968 అయి ఉంటుందేమో బడి రిజిస్టరు తీసి చూడండి. చూడకుండా రోజు మారిస్తే ఆధార్‌లో ఒకటి, బడి కాగితంలో ఇంకోటి అవుతుంది. పింఛను దగ్గరికొచ్చేసరికి రెండూ కలవవు.

2024 ఫిబ్రవరి 29న పుట్టిన పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్త. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినోళ్లకు బడికైనా, ఓటుకైనా, ఆధార్‌కైనా పుట్టిన తేదీకి జనన ధృవపత్రమే ఆధారం. అందులో 29 అని ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. కేకు 28న కోసినా, మార్చి 1న కోసినా అది మీ ఇష్టం, కాగితంలో మాత్రం 29 ఉండాల.