జల్లెడ పట్టిన ఆరో తరగతి

గోదావరి జిల్లాల్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఆరో తరగతి గదిలో బెంచీలన్నీ గోడవారకు జరిపేశారు. పిల్లలు నలుగురేసి గుంపులుగా నేలమీద చేరారు. ప్రతి గుంపు ముందూ ఒక చార్టు ఉంది. వరసకు పది గళ్లు, మొత్తం పది వరసలు, గళ్లలో 1 నుంచి 100 దాకా సంఖ్యలు. పక్కనే నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు. చూడ్డానికి వెళ్లినవాళ్లం వెనక బెంచీలో సర్దుకున్నాం. ఇంతలో లెక్కల మాస్టారు ఆనాటి నియమం చెప్పారు: "ఇవాళ ఎవరూ భాగహారం చెయ్యకూడదు."

గదంతా ఒక్కసారిగా ఉత్సాహం. భాగహారం లేకుండా ప్రధాన సంఖ్యలు ఎలా దొరుకుతాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ పద్ధతి పేరు ఎరటోస్తనీస్ జల్లెడ. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న పండితుడాయన. భూమి చుట్టుకొలత లెక్కగట్టింది కూడా ఆయనే. జల్లెడ గురించి ఆయన రాసింది మనదాకా రాలేదు. క్రీస్తుశకం 100 ప్రాంతంలో నికోమాకస్ అనే గ్రీకు గణితవేత్త తన అంకగణిత గ్రంథంలో దాన్ని వివరించి, ఘనత ఎరటోస్తనీస్‌కు ఇచ్చాడు. చేసే పని చాలా చిన్నది. కొట్టివేత పడని సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నదానికి సున్న చుట్టాలి. తర్వాత అంతంత దూరంలో అడుగులేస్తూ దాని గుణిజాలన్నీ కొట్టెయ్యాలి. మళ్లీ మిగిలినవాటిలో చిన్నదానికి సున్న చుట్టాలి. అంతా లెక్కపెట్టుకుంటూ పోవడమే, భాగించే పనే లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో మాస్టారు కావాలనే చెప్పలేదు. కిటికీ పక్క గుంపులో ఒక అబ్బాయి 1కి సున్న చుట్టి చెయ్యెత్తాడు. "సార్, ఒకటో ఎక్కంలో ఉన్నవన్నీ కొట్టెయ్యాలా?"

"నియమం అదేగా. కొట్టు నాన్నా."

రెండు నిమిషాల్లో చార్టంతా ఎరుపైపోయింది. 2 పోయింది, 3 పోయింది, 97 కూడా పోయింది. గళ్లన్నీ కొట్టివేతలే, 1 మాత్రం సున్నలో మిగిలింది. పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మాస్టారు ఏమీ అనకుండా ఇంకో చార్టు తెచ్చి ఇచ్చి, పాడైనదాన్ని గోడకు తగిలించారు. ఆ గుంపు ఈసారి 2 దగ్గర మొదలుపెట్టింది.

2కు సున్న చుట్టి 4, 6, 8 అంటూ పోతే 49 గళ్లు పోయాయి. వరసకు పది గళ్లు కావడంతో అయిదు నిలువు వరసల్లో 2 తప్ప అన్నీ పోయాయి. 3 వంతు వచ్చేసరికి అడుగులు ఏటవాలుగా పడతాయి: 6, 15, 24, 33, 42, 51. మూడో ఎక్కంలోని సరిసంఖ్యలు ముందే పోయాయి కాబట్టి కొత్తగా పోయినవి 16. తర్వాతిది 4, దాని మీద అప్పటికే గీత ఉంది. "దీని ఎక్కం కూడా చూడాలా సార్?" అని ఒకమ్మాయి అడిగింది. ఆయన జవాబు చెప్పేలోపే పక్కనున్న పిల్ల 8, 12, 16 మీద వేలు పెట్టి అన్నీ పోయాయని చూపించింది. 5తో కొత్తగా పోయినవి ఆరే: 25, 35, 55, 65, 85, 95. 7తో మూడే మూడు: 49, 77, 91.

ఏడో ఎక్కంలో 14, 21, 28, 35, 42 ఉన్నాయి కదా, కొత్తగా పోయేది 49 దగ్గర ఎందుకు మొదలైంది? ఈ ప్రశ్న మీద మాస్టారు కాస్త నిలిచారు. 14 అంటే రెండు ఏడులు, కనుక 2తోనే పోయింది. 35 అంటే అయిదు ఏడులు, అది 5తో పోయింది. 7 కంటే చిన్నదానితో 7ను గుణిస్తే వచ్చేదాన్ని ఆ చిన్నదో, దాని కారణాంకమో ముందే పట్టుకుంటుంది. 7 సొంతంగా పట్టుకునే మొదటి సంఖ్య 7×7. అలాగే 11 సొంతంగా పట్టుకునే మొదటిది 121. అది చార్టులోనే లేదు. అందుకే 100 దాకా వేసే జల్లెడ 7తో ఆగిపోతుంది.

ఇది నమ్మించడానికి ఆయన చార్టు కింద ఇంకో మూడు వరసలు అతికించి 130 దాకా పొడిగించమన్నారు. 2, 3, 5, 7లతో జల్లెడ పట్టాక 100 పైన ఏడు మిగిలాయి: 101, 103, 107, 109, 113, 121, 127. "ఇందులో ఒక దొంగ ఉంది" అన్నారు. పట్టుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు. పదకొండో ఎక్కం పదితో ఆపకుండా ఇంకో మెట్టు ఎక్కితే చాలు.

తర్వాత లెక్క చెప్పే వంతు. 100 లోపు సున్న చుట్టినవి ఎన్ని? మూడు గుంపులు 25 అన్నాయి. ఒక గుంపు 26 అంది. తలుపు దగ్గర గుంపు 27 అంది.

27 చెప్పిన చార్టు చూడదగ్గది. 3తో అడుగులేస్తూ 48 దాకా బాగానే వచ్చారు. అక్కడ ఒక గడి ఎక్కువ లెక్కపెట్టి 52 మీద పడ్డారు. ఇక అక్కడి నుంచి 55, 58, 61, 64 అంటూ చివరిదాకా తప్పే. దాంతో 61, 67, 73, 79, 97 అనే అయిదు ప్రధాన సంఖ్యలు అన్యాయంగా పోయాయి. 51, 57, 69, 81, 87, 93, 99 అనే ఏడు సంయుక్త సంఖ్యలు నిక్షేపంలా మిగిలాయి. అయిదు పోయి ఏడు చేరితే రెండు ఎక్కువ, అందుకే 27. తప్పెక్కడో కనిపెట్టింది లెక్క చేసి కాదు, చూసి. 42 దాకా ఏటవాలుగా దిగిన గీత 51 మీదికి రావాల్సింది పోయి 52 మీదికి జరిగింది. చార్టును కొంచెం దూరంగా పెట్టి చూస్తే గీత విరిగిన చోటు ఇట్టే కనిపిస్తుంది. భాగహారం చేసి ఉంటే ఈ తప్పు ఇంత తేలిగ్గా దొరికేది కాదు.

26 అన్న గుంపు చార్టులో తప్పులేవీ లేవు. వాళ్లు 1ని కూడా కలిపారు.

అప్పుడు మాస్టారు బోర్డు మీద కొట్టేసినవాటి పద్దు రాశారు. 2తో 49, 3తో 16, 5తో 6, 7తో 3. మొత్తం 74. సున్న చుట్టినవి 25. కూడితే 99. గళ్లు చూస్తే వంద. "ఒక గడి తక్కువైంది, ఎటు పోయింది?" అన్నారు. తెలిసినవాళ్లు తెలిసినట్టు ఒకటి, ఒకటి అని అరిచారు. దాన్ని ఎవరూ కొట్టలేదు, చాలామంది సున్నా చుట్టలేదు.

26 గుంపులోని అమ్మాయి ఒప్పుకోలేదు. "1తోనూ, తనతోనూ తప్ప దేనితోనూ భాగింపబడనిది ప్రధాన సంఖ్య అన్నారు కదా సార్. 1ని 1తో భాగించొచ్చు, తనతోనూ భాగించొచ్చు." నిజమే. ఆ వాక్యం ప్రకారం పిల్ల చెప్పింది తప్పు కాదు, లోపం వాక్యంలోనే ఉంది. చాలా తరగతుల్లో ఈ ప్రశ్నకు "కాదు అంతే, రాసుకో" అన్న జవాబు దొరుకుతుంది.

ఇక్కడ చింతపిక్కలు బయటికి వచ్చాయి. ఒక్కో గుంపుకు గుప్పెడు. ఇచ్చిన పిక్కలన్నీ వాడి, వరసలు సమానంగా ఉండేలా ఎన్ని రకాలుగా పేర్చవచ్చో చూడాలి. ఏడు పిక్కలైతే ఏడేసి ఒక్క వరస, లేదా ఒక్కోటి చొప్పున ఏడు వరసలు, అంటే రెండు రకాలు. తొమ్మిదికి వీటితో పాటు మూడేసి మూడు వరసలు కూడా కుదురుతాయి, మొత్తం మూడు. పన్నెండుకు ఆరు. ఎన్ని రకాలో అన్ని కారణాంకాలు. ఒక్క పిక్కను ఎటు తిప్పినా ఒకటే రకం. అందుకని బోర్డు మీద పాత వాక్యం చెరిపి కొత్తది రాశారు: సరిగ్గా రెండు వేర్వేరు కారణాంకాలున్నది ప్రధాన సంఖ్య, రెండుకు మించి ఉన్నది సంయుక్త సంఖ్య. ఒక్కటే కారణాంకం ఉన్న 1 ఈ రెండిట్లో దేనిలోనూ చేరదు.

ఆ అమ్మాయి ఇంకా వదల్లేదు. "రెండు ఉండాలని ఎవరు పెట్టారు?" ఆ పీరియడ్ మొత్తానికి ఇదే అసలైన ప్రశ్న అనిపించింది. నిర్వచనం మనుషులు పెట్టుకున్నదే. అలా పెట్టుకోవడానికి కారణం వేరే చోట ఉంది. మాస్టారు 12ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయమన్నారు. అందరికీ వచ్చింది 2×2×3. క్రమం మారవచ్చు, రెండు రెండులు, ఒక మూడు అన్నది మారదు. ఇప్పుడు 1 కూడా ప్రధానమే అనుకుని రాయమన్నారు. ఒకరు 1×2×2×3 రాశారు. పక్కవాడు 1×1×2×2×3 రాశాడు. వెనకవాడు వరసగా ఒకట్లు రాసుకుంటూ పోయాడు. "ఎవరికి మార్కులు వెయ్యాలి?" అంటే అందరూ నవ్వారు. ఒక సంఖ్యకు ప్రధాన కారణాంకాల జాబితా ఒక్కటే ఉంటుందన్న సూత్రం మీదే తర్వాతి పాఠాల్లోని గ.సా.భా., క.సా.గు. నిలబడి ఉన్నాయి. 1ని చేర్చుకుంటే ఆ సూత్రం చెప్పే ప్రతిచోటా "1 తప్ప" అని తగిలించాలి. దానికన్నా 1ని బయట ఉంచడమే సుఖం.

పెద్దపెద్ద గణితవేత్తలూ దీనిమీద ఒక్క మాట మీద లేరని ఆ పిల్లకు తెలిస్తే సంతోషించేది. ప్రాచీన గ్రీకుల్లో ఎక్కువమందికి 1 సంఖ్యే కాదు, సంఖ్యలు పుట్టే మూలం. కాబట్టి అది ప్రధానమా అన్న గొడవే రాలేదు. 1742లో గోల్డ్‌బాక్ తన ప్రసిద్ధ ఊహను ఆయిలర్‌కు ఉత్తరంలో రాసినప్పుడు 1ని ప్రధాన సంఖ్యగానే లెక్కవేశాడు. అమెరికా గణితవేత్త డెరిక్ నార్మన్ లెహ్మర్ 1914లో కోటి దాటేవరకు ప్రధాన సంఖ్యల పట్టిక అచ్చువేయించాడు. ఆ పట్టికలో మొదటి సంఖ్య 1. అంటే 26 గుంపువాళ్లు మరీ ఒంటరివాళ్లేమీ కాదు. కాకపోతే ఆలస్యంగా వచ్చారు. ఇవాళ గణితవేత్తలందరూ 2తోనే మొదలుపెడతారు.

బెల్లు కొట్టేముందు మాస్టారు గోడమీది ఎర్రచార్టు చూపించి, జల్లెడ 1తో ఎందుకు మొదలవదో సొంత మాటల్లో రాసుకురమ్మన్నారు. ఇంకో పని కూడా అప్పగించారు: ఇదే జల్లెడను వరసకు ఆరు గళ్లతో వేసుకురావాలి. అలా వేస్తే 2, 3ల గుణిజాలు నాలుగు నిలువు వరసల్లో కుదురుకుంటాయి. 3 తర్వాత వచ్చే ప్రధాన సంఖ్యలన్నీ ఒకటో నిలువు వరసలోనో అయిదోదానిలోనో పడతాయి. అయితే ఆ రెండు వరసల్లో ఉన్నవన్నీ ప్రధానాలు కావు, 25, 35, 49 కూడా అక్కడే కూర్చుంటాయి.

పిల్లలతో ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లు గళ్ల నోటుబుక్కులో 200 దాకా వెయ్యండి. 11, 13ల గుణిజాలు కూడా కొట్టాలి, 17 దాకా పోనక్కర్లేదు. చివరికి 46 సున్నలు రావాలి. ఎక్కువ తక్కువలు వస్తే ముందు 1ని చూడండి, ఆ తర్వాత 91, 119, 133, 143, 169, 187లను చూడండి.