చెప్పకుండా వదిలేసే మాటలు

పొద్దున ఏడింటికి మా లింగంపల్లి అపార్ట్‌మెంట్‌లో ఏ వంటింట్లోనుంచైనా వినిపించే ప్రశ్న ఒకటుంది. "వచ్చిందా?" ఏది వచ్చిందో, ఎవరు వచ్చారో అడిగేవాళ్ళు చెప్పరు. పనమ్మాయి కావచ్చు, నీళ్ళ ట్యాంకర్ కావచ్చు. అయినా అవతలివాళ్ళు "ఇంకా రాలేదు" అని ఠక్కున చెప్పేస్తారు. ఇద్దరికీ అర్థమైపోతుంది.

ఇలా వాక్యంలో లేని కర్తనో కర్మనో మనసులో తెచ్చుకుని కలుపుకోవడాన్ని డిగ్రీలో మాకు అధ్యాహారం అని చెప్పారు. కర్తని క్రియ చివర చూసి పోల్చుకోవచ్చన్నది మనందరికీ తెలిసిందే. "వచ్చాను" అంటే నేను, "వచ్చావు" అంటే నువ్వు, "వచ్చాడు" అంటే వాడు. అందుకే తెలుగులో నేను, నువ్వు అని ప్రతిసారీ అనక్కర్లేదనుకుంటాం.

కానీ అదొక్కటే కారణం కాదు. "వచ్చింది" ఆడమనిషికీ, ట్యాంకర్‌కీ ఒకటే. ఇక "రాలేదు" సంగతి చూడండి. నేను రాలేదు, నువ్వు రాలేదు, ఆయన రాలేదు, ట్యాంకర్ రాలేదు. అన్నిటికీ ఒకటే రూపం, చివర ఏ గుర్తూ లేదు. అయినా కర్తని అంతే ధైర్యంగా వదిలేస్తాం. మలయాళంలో అయితే ఏ క్రియకీ అలాంటి గుర్తు ఉండదు. నేను వచ్చినా, వాడు వచ్చినా "వన్ను" అనే అంటారు. వాళ్ళూ కర్తని వదిలేస్తారు. చైనీస్ కూడా అలాంటిదే. 1984లో సి.టి. జేమ్స్ హువాంగ్ అనే భాషావేత్త, అలాంటి భాషల్లో ఖాళీని పూరించేది క్రియ కాదు, అప్పటిదాకా దేని గురించి మాట్లాడుకుంటున్నారో ఆ విషయం అని వివరించారు.

కర్మ విషయంలో మనకైనా ఆ విషయం ఒక్కటే దిక్కు. "ఇచ్చేశాను" అన్న మాటలో ఇచ్చింది నేనని తెలుస్తుంది. ఏమిచ్చానో, ఎవరికిచ్చానో చెప్పే గుర్తు అందులో ఎక్కడా లేదు.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. అత్తయ్యకి కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. రోజూ కంటిచుక్కలు, టిఫిన్ అయ్యాక బీపీ మాత్ర. ఒక మంగళవారం మావారు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు.

"టిఫిన్ అయిందా అమ్మా?"

"అయింది."

"వేసుకున్నావా?"

"వేసుకున్నా."

మధ్యాహ్నం చూస్తే డబ్బాలో మంగళవారం గడిలో మాత్ర అలాగే ఉంది. ఆవిడ అబద్ధమాడలేదు. ఫోన్ మోగేసరికి చుక్కలు వేసుకుని కళ్ళు మూసుకుని పడుకున్నారు, ఆవిడ మనసులో ఉన్నది చుక్కలే. టిఫిన్ మాట ఎత్తిన కొడుకు మనసులో ఉన్నది మాత్ర. "వేసుకోవడం" రెండిటికీ సరిపోయింది కాబట్టి ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు. ఇది తిరగబడి, వేసుకున్న మాత్ర వేసుకోలేదనుకుంటే బీపీ మాత్ర రెండుసార్లు పడేది.

ఎదురుగా ఉన్నప్పుడు ఈ చిక్కు తక్కువ. చేతిలో సీసా కనిపిస్తుంది, చూపు చెప్తుంది. ఫోన్‌లో అవతలివాళ్ళు అంతకుముందు ఏం చేస్తున్నారో తెలియదు. అందుకే రెండు సంగతులు ఒకటైనప్పుడు జాగ్రత్తపడాలి. ఒకే క్రియ రెండు వస్తువులకి సరిపోతోందా, ఇద్దరూ చెరొక చోట ఉన్నారా? అలాంటప్పుడు వస్తువు పేరు చెప్పాలి, లేదా దానికే పనికొచ్చే క్రియ వాడాలి. "మాత్ర మింగావా?" అంటే ఇక చుక్కలకి చోటు లేదు.

పేరు వదలకూడని చోట్లు భాషలోనే ఇంకా ఉన్నాయి. "తాళం ఎవరు వేశారు?" అంటే "వేశాను" అన్నది జవాబు కాదు, "నేను" అనాల్సిందే. అడిగింది ఆ మాటే కదా! కొత్త మనిషి సంగతి ఎత్తినా పేరుతోనే మొదలుపెట్టాలి.

అలాగని అన్నిచోట్లా చెప్పేస్తే ఇంకో అర్థం వస్తుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు కొందరు "నేను లేచాను, నేను స్నానం చేశాను, నేను తిన్నాను" అంటుంటే, మిగతావాళ్ళు తినలేదేమోనని పెద్దవాళ్ళు కంగారుపడతారు. అక్కర్లేని చోట "నేను" అంటే తెలుగు చెవికి "నేనైతే" అని వినిపిస్తుంది మరి. ఇంట్లో ఎదురెదురుగా మేమింకా "తిన్నావా?", "పెట్టావా?" అనే అనుకుంటాం. మందుల సంగతి ఫోన్‌లో అడిగేటప్పుడు మాత్రం మందు పేరు పలకాల్సిందే.