అనకాపల్లిలో ఎక్కినవాళ్లం

రైల్లో, సామర్లకోట దాటాక
రాత్రి

అన్నయ్యా,

క్షేమంగా ఎక్కాను. చోడవరంలో నువ్వు బస్సెక్కించిన గంటలోపే అనకాపల్లి చేరాను. ప్లాట్‌ఫారం మీద అరగంట కూర్చున్నాక బండి వచ్చింది. నా లోయర్ బెర్తు నాకోసం ఖాళీగానే ఉంది. ఎదురు వరసలో ఒక పెద్దాయనకు మాత్రం అలా జరగలేదు. వచ్చే వారం నువ్వూ అమ్మా వదినా బయల్దేరతారు కాబట్టి, మరిచిపోకముందే అంతా రాస్తున్నాను.

ఆయనదీ మనలాంటి టిక్కెట్టే. అనకాపల్లి నుంచి అడిగితే వెయిటింగ్ లిస్టు చూపించిందట, విశాఖపట్నం నుంచి చూస్తే బెర్తు దొరికిందట. డబ్బు విశాఖ నుంచే కట్టాం కదా, మధ్యలో ఎక్కితే ఎవరికేం నష్టం అనుకుని అనకాపల్లిలో ఎక్కారు. వచ్చి చూస్తే తన బెర్తు మీద ఒకాయన దుప్పటి పరుచుకుని ఉన్నాడు. అతనిది ఆర్ఏసీ టిక్కెట్టు. విశాఖలో బండి కదిలాక టీటీఈ వచ్చి, ఈ బెర్తుకు మనిషి రాలేదని తన చేతిలోని యంత్రంలో నమోదు చేసి, ఇతనికి ఇచ్చేశారు. అతని తప్పు కాదు, టీటీఈ తప్పూ కాదు. చార్టులో ఈ పెద్దాయన ఎక్కాల్సిన ఊరు విశాఖ అనే ఉంది.

‘రెండు స్టేషన్లదాకా ఆగుతారు’ అని మన ఊళ్లో అందరూ అంటారు. ఆయనా అదే నమ్మారు. కాగితం మీద బెర్తు నమోదు చేసుకునే రోజుల్లో కొందరు టీటీఈలు ఆగేవారేమో. ఇప్పుడు యంత్రంలో రాలేదని నొక్కగానే ఆ ఖాళీ, వరసలో ముందున్న ఆర్ఏసీ వాళ్లకు వెళ్లిపోతుంది. ఆయన డెబ్బై ఏళ్ల మనిషి, చేతిలో బెల్లం బుట్ట. రాజమండ్రి దాటాక ఖాళీ ఉంటే పై బెర్తు చూస్తానన్నారు టీటీఈ. అంతవరకూ నా కాళ్ల దగ్గర కూర్చోమన్నాను. మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. పై బెర్తు ఎలా ఎక్కుతారో అని నాకు బెంగగా ఉంది.

నా బెర్తు మిగలడానికి కారణం ఒక్కటే. టిక్కెట్టు తీసేటప్పుడే ఎక్కే స్టేషన్ దగ్గర అనకాపల్లి ఎంచుకున్నాను. నా టిక్కెట్టు మీద `Booked From` దగ్గర విశాఖ, `Boarding At` దగ్గర అనకాపల్లి ఉన్నాయి. నీ టిక్కెట్టులో ఆ రెండో మాట చూడు. అక్కడ కూడా విశాఖే ఉంటే వెంటనే మార్చాలి.

సికింద్రాబాద్
మర్నాడు ఉదయం

అన్నయ్యా,

పెద్దాయనకు రాజమండ్రి తర్వాత పై బెర్తు దొరికింది. కింద పడుకున్న కుర్రాడు తనే లేచి పైకెక్కి, ఆయనకు తన చోటు ఇచ్చాడు. ఆ పిల్లవాడు చల్లగా ఉండాలి.

ఇక నీ పని. ఐఆర్‌సీటీసీలో నీ టిక్కెట్టు తెరిచి `Change Boarding Point` నొక్కి అనకాపల్లి పెట్టు. కౌంటర్‌లో కొన్న టిక్కెట్టయితే రిజర్వేషన్ కౌంటర్‌కే వెళ్లి మార్పించుకోవచ్చు. అయితే చార్టు తయారయ్యేలోగా అయిపోతే నిశ్చింత. చార్టు ఒకప్పుడు బండి బయల్దేరడానికి 4 గంటల ముందు పడేది, 2025 జూలైలో 8 గంటలకు జరిపారు, ఆ తర్వాత ఇంకా ముందుకు జరిగింది. ఆ గంటలు లెక్కపెట్టేది బండి బయల్దేరే మొదటి ఊరి నుంచి, అనకాపల్లి నుంచి కాదు. భువనేశ్వర్‌లో మొదలయ్యే బండికి చార్టు అక్కడి వేళ ప్రకారమే పడుతుంది. అందుకే ముందు రోజే ముగించు. మార్చాక పీఎన్ఆర్ కొట్టి, ఎక్కే చోట అనకాపల్లి కనిపిస్తోందో లేదో చూడు. విశాఖ నుంచి అనకాపల్లి దాకా కట్టిన డబ్బు మాత్రం తిరిగిరాదు.

నాకు నిజంగా భయం వదిన విషయంలో. ఆమె గాజువాకలో పుట్టింటి నుంచి వచ్చి విశాఖలో ఎక్కుతానంది కదా. మీ ముగ్గురిదీ ఒకే పీఎన్ఆర్ అయితే, మార్పు ముగ్గురికీ పడుతుంది. ఒకసారి అనకాపల్లి అని మార్చాక విశాఖలో ఎక్కే హక్కు పోతుంది. ఎక్కి దొరికితే ఆ ముక్కకు చార్జీతో పాటు జరిమానా కూడా కట్టాలి. మార్చకుండా వదిలేస్తే వదిన బెర్తు ఉంటుంది, నీదీ అమ్మదీ పోవచ్చు. వదిన ముందే కూర్చుని టీటీఈకి చెప్పినా, ఆయన ఒప్పుకుంటేనే నిలుస్తుంది. అమ్మ మోకాళ్లతో ఆ పందెం వద్దు. ఆన్‌లైన్‌లో ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి తొందరపడి నొక్కకు, ముందు వదినతో మాట్లాడు. ఆమె అనకాపల్లికే వస్తే సరే. లేదంటే ఆమెకు విడిగా విశాఖ నుంచి టిక్కెట్టు తీసి, ఈ టిక్కెట్టులో ఆమె ఒక్కదాని పేరు రద్దు చేసి, అప్పుడు మీ ఇద్దరికీ అనకాపల్లి పెట్టు.

ఏది తేల్చారో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు. అమ్మ శాలువా నా సంచిలోనే వచ్చేసింది, ఇంకొకటి వెంట పెట్టు.

నీ చెల్లి