నిమ్మకాయంత చింతపండు అంటే ఎంత?

"నిమ్మకాయంత చింతపండు వెయ్యి" అని చెప్పడం మనందరికీ అలవాటే. విడిగా ఉన్న పండుకి ఆ లెక్క సరిపోతుంది. ఇటుకలా నొక్కిన ప్యాకెట్ లోంచి అంతే ముద్ద తీస్తే మాత్రం బరువు చాలా ఎక్కువ తూగుతుంది, కూర పుల్లగా అయిపోతుంది.

మా ఇంట్లో అత్తగారికి పులుసంటే నాలుకకి చురుక్కుమనాలి. మావారికేమో కాస్త పులుపెక్కితే రాత్రంతా గుండెల్లో మంట. ఇద్దరికీ ఒకటే గిన్నె. అందుకే నేను పండుని కాకుండా గుజ్జుని కొలుస్తాను.

నలుగురికి బెండకాయ పులుసు అనుకోండి. దిమ్మలోంచి పాతిక గ్రాముల ముక్క తీసి, ముందు వేళ్ళతో పొరలు పొరలుగా విడదీస్తాను. గింజలు, ఈనెలు అప్పుడే ఏరేస్తాను. ముద్దని ముద్దలాగే నీళ్ళలో వేస్తే గంటయినా లోపల గట్టిగానే ఉంటుందండీ. విడదీసినదైతే అరకప్పు వేణ్ణీళ్ళలో పది నిమిషాలకే మెత్తబడుతుంది. చెయ్యి పట్టేంత వేడి తగ్గాక బాగా పిసికి, జల్లెడలో వేసి గరిటెతో రుద్దుతాను. మిగిలిన పిప్పిలో పావుకప్పు నీళ్ళు పోసి ఇంకోసారి పిండుతాను. మొదట్లోనే నీళ్ళు ఎక్కువ పోస్తే రసం పల్చగా వస్తుంది, పిప్పిలో గుజ్జు మిగిలిపోతుంది.

రెండూ కలిపితే పెద్ద చెంచాతో పది దాకా వస్తుంది. రంగు చూసి పులుపు చెప్పలేం. పాత పండు నల్లగా ఉంటుంది కానీ, నల్లగా ఉన్నంత మాత్రాన ఎక్కువ పులుపని కాదు. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటేనే తెలుస్తుంది.

బెండకాయ ముక్కలు మెత్తబడ్డాకే గుజ్జు పోయాలి. పులుపు ముందే తగిలితే ముక్క త్వరగా ఉడకదు. మొదట ఐదు చెంచాలు పోసి, ఉప్పు వేసి, పచ్చివాసన పోయేదాకా మరిగించి రుచి చూస్తాను. ఉప్పు లేకుండా చూస్తే అంచనా తప్పుతుంది. అప్పుడు మావారికి ఒక గిన్నెలోకి తీసేసి, మిగిలిన దాంట్లో ఇంకో రెండు చెంచాలు పోసి మళ్ళీ మరిగిస్తాను. అది అత్తగారిది, మాదీను.

పులుపెక్కితే బెల్లం వేస్తాం కదా, అది నాలుకని మరిపిస్తుందే గానీ పులుపుని తగ్గించదు. మంట ఉన్నవాళ్ళకి దానివల్ల లాభం లేదు. నీళ్ళు, ఉడికించిన ఉల్లిపాయ ముక్కలు కలిపి, ఉప్పు సరిచూసుకోవడమే మేలు. రాత్రి మళ్ళీ వేడి చేస్తే నీరు ఇగిరి పులుపు పెరుగుతుంది, అప్పుడూ కాసిని నీళ్ళు పోసుకోండి.

మిగిలిన మూడు చెంచాల గుజ్జు గాజు సీసాలో పోసి ఫ్రిజ్ లో పెడతాను. మర్నాటి చారుకి సరిపోతుంది.